కథలో హద్దు రాయి జరిగింది: రైతుకు ఎలా తెలుస్తుంది? సర్వే తెలిసినవారు చెప్పగలరా

కథ రాస్తున్నవారు:
పల్నాడు నేపథ్యంలో చిన్న కథ రాస్తున్నాను. తొలకరికి దుక్కి దున్నిస్తుంటే, తూర్పు గట్టు చివరనున్న రాయి కోటయ్య చేలోకి జరిగి ఉన్నట్టు సాంబయ్యకు అనుమానం వస్తుంది. అది ఇతను జరిపింది కాదు, కానీ లాభం ఇతనికే. అంత తేడా కంటికి ఆనుతుందా? ఆనాక ఏం చేయాలి? పొలం తెలిసినవాళ్లు చదివి నవ్వకూడదని నా భయం.

విశ్రాంత మండల సర్వేయర్:
ముందు కన్ను, తర్వాత టేపు. పాత రాయిలో నేలపైన ఉన్న భాగం ఎండావానలకు నల్లబడి పాచి పడుతుంది. భూమిలో ఉన్న భాగానికి మట్టి చార వేరు. పీకి మళ్లీ పాతితే ఆ చార నేలమట్టానికి కలవదు. పైగా పాత గోతిలో మట్టి వదులుగా ఉండి, వాన పడగానే అక్కడ గుంట పడుతుంది. మీది రేగడి నేల కాబట్టి రాళ్లు వాలడం మామూలే. కానీ వాలిన రాయి మొదలు ఉన్నచోటే ఉంటుంది, నాలుగడుగులు నడవదు.

ఇక కొలత. అనుమానం ఉన్న రాయి దగ్గర మొదలుపెట్టకూడదు. సర్వే నంబరు కొలతల పటం, అంటే ఎఫ్ఎంబీ నకలు తీసుకుని, కదలని రాయి నుంచి ఇటు కొలవాలి. కోటయ్య అవతలి రాయి నుంచి ఈ రాయికి 310 లింకులని పటంలో ఉందనుకోండి. వంద లింకులు 66 అడుగులు, అంటే సుమారు 204న్నర అడుగులు రావాలి. 200న్నరే వస్తే నాలుగడుగులు తగ్గినట్టే. ఒక్క కొలతతో తేల్చకుండా ఇంకో మంచి రాయి నుంచి కూడా చూడాలి. గట్టు పొడవు 330 అడుగులైతే, ఒక కొసే జరిగింది కనుక పోయింది సన్నటి ముక్కోణం: 660 చదరపు అడుగులు, సుమారు సెంటున్నర.

రంగారెడ్డి జిల్లా నుంచి ఒకరు:
అన్నా, మా పక్కాయన గెట్టు దున్నుకుంట దున్నుకుంట రెండు గుంటలు కలుపుకున్నడు. నేను కేసు వేయాల్నా?

విశ్రాంత మండల సర్వేయర్:
తమ్ముడూ, వీరి కథలో పొలం పెరిగినవాడే అడుగుతున్నాడు, మీది పోయిన సంగతి. ముందు మీ సర్వే నంబరు కొలతల పటం, అదే టిప్పన్ నకలు తీసి సర్వేకు దరఖాస్తు పెట్టండి. కొలత కాగితం లేకుండా కేసుకు బలం ఉండదు.

బాపట్ల రైతు:
12 ఏళ్లు దాటితే ఆ సెంటున్నర సాంబయ్యదే అవుతుందిగా. గొడవేముంది?

విశ్రాంత మండల సర్వేయర్:
12 ఏళ్ల లెక్క నిజమే. కానీ నాదేనని అందరికీ తెలిసేలా అన్నేళ్లూ సాగుచేసినట్టు కోర్టులో రుజువు కావాలి. ఇతనికే ఇవాళ తెలిసిన ముక్కకు అది నిలబడుతుందా అన్నది వకీలు చెప్పాలి.

రచయిత గారూ, ఒక్కటి తేల్చుకోండి. రెండు పొలాలూ వేర్వేరు సర్వే నంబర్లా, ఒకే నంబరులో సబ్‌డివిజన్లా? నంబరు హద్దు మీద సర్కారు పాతిన రాయిని కావాలని జరిపితే నేరం, న్యాయసంహిత 326లో ఉంది. సబ్‌డివిజన్ గట్టు మీదైతే చాలాచోట్ల రైతులే రాయి పాతుకుంటారు, దాని సంగతి వేరు.

కథ రాస్తున్నవారు:
వేర్వేరు నంబర్లే. సాంబయ్య రాత్రికి రాత్రి తానే రాయి పీకి పాత చోట పాతేస్తాడని రాసుకున్నాను.

విశ్రాంత మండల సర్వేయర్:
అది వద్దండీ. చీకట్లో గడ్డపారతో ఎవరి కంటైనా పడితే జరిపింది ఇతనే అంటారు. రాయి ముట్టుకోకుండా కోటయ్యను పిలిచి గుంట చూపించమనండి. తర్వాత సాంబయ్యే తన నంబరు హద్దులు కొలిచి చూపమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టవచ్చు. చుట్టుపక్కల రైతులకు నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుట కొలిచి రాయి ఎక్కడుండాలో చూపిస్తారు. ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత ఎఫ్ఎంబీతో కాదు, కొత్త పటంతో చూస్తారు, ఉపగ్రహ సంకేతాలతో చోటు చూపే రోవర్‌తో పాయింటు పెడతారు.

బాపట్ల రైతు:
మరి జరిపిందెవరు? తనకు నష్టమని తెలిసి కోటయ్య జరపడుగా.

విశ్రాంత మండల సర్వేయర్:
నా సర్వీసులో ఎక్కువగా చూసింది జేసీబీ. కాలువ పూడిక తీస్తూ రాయి పెళ్లగిస్తారు, పోయేముందు కూలీలు కంటి అంచనాతో పాతేస్తారు.

కథ రాస్తున్నవారు:
నేను సాంబయ్య పెద్దకొడుకు జరిపాడనుకున్నాను. జేసీబీ అయితే కథే మారిపోతుంది. రెండూ రాసి చూస్తాను. దరఖాస్తు రుసుము ఎవరు కట్టాలండీ?

విశ్రాంత మండల సర్వేయర్:
దరఖాస్తు పెట్టినవాళ్లే. తన పొలం తగ్గించుకోవడానికి సాంబయ్య సొంత డబ్బు కడుతున్నాడంటే కోటయ్య ఒక పట్టాన నమ్మడు. ఇంకేదో మెలిక ఉందనుకుని నోటీసు అందినా కొలత రోజు రాకుండా ఉండిపోవచ్చు. అలాంటివాళ్లను చూశాను.