ఫ్రీ బస్సు మీమ్‌తో చీరల ప్రమోషన్ పెట్టొచ్చా?

ఖమ్మం_పోరడు
ఒక చీరల షాపు పేజీ నేను చూస్తాను. ఆర్టీసీ బస్సులో ఇద్దరు ఆడవాళ్ళు సీటు కోసం జుట్లు పట్టుకున్న వీడియో #FreeBus ట్యాగ్‌తో మళ్ళీ తిరుగుతోంది. దాని మీద "సీటు కోసం కొట్టుకోకండి అక్కా, మా షాపులో అందరికీ సీటుంది. ఏ చీరైనా 599" అని పెట్టమంటున్నారు ఓనర్ గారు. నాకూ నవ్వొచ్చింది గానీ ఎందుకో చెయ్యి ఆడట్లేదు. ట్రెండ్‌లో చేరే ముందు అది మన షాపుకు సరిపోతుందా లేదా అని మీరెలా తేల్చుకుంటారు?

రీల్స్_రాజు
పెట్టేయ్ బ్రో. ఆలోచిస్తూ కూర్చుంటే ట్రెండ్ పోతుంది. క్యాప్షన్ సూపర్, ధర కూడా ఉంది. మీమ్ ఉన్నదే నవ్వుకోడానికి.

కొత్త_గుమాస్తా
సాయంత్రం ఏడు దాటాక పెట్టండి. ట్యాగులు ఐదుకు మించనివ్వకండి. మా బేకరీ పేజీకి అలాగే బాగా వచ్చింది.

ఖమ్మం_పోరడు
అన్నా, ఎప్పుడు పెట్టాలని కాదు. అసలు పెట్టాలా వద్దా అని.

సుజాత_కె
పెట్టకండి. పన్నెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

ఆ వీడియోలో జనం ఎవరిని చూసి నవ్వుతున్నారు? జీరో టికెట్ మీద బస్సెక్కిన ఆడవాళ్ళని. చుట్టుపక్కల మండలాల నుంచి అదే బస్సులో వచ్చి, మీ బజార్లో దిగి, 599 చీరకు "ఐదొందలకిస్తావా" అని బేరమాడేది ఎవరు? వాళ్ళే. వాళ్ళని వెక్కిరించి వాళ్ళకే చీర అమ్ముతామంటున్నారు. ఆ వీడియో కింద "పనీపాటా లేక తిరుగుతున్నారు" అని రాసిన మగాళ్ళు మీకు లైకు కొడతారేమో గానీ షాపు మెట్లెక్కరు.

ఇక ట్యాగ్ సంగతి. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రాలో స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న. అప్పట్నుంచీ ఫ్రీ బస్సు అన్న మాట ఎత్తితే చాలు, ఒకళ్ళు పొగుడుతారు, ఇంకొకళ్ళు తిడతారు. మీరు సరదాకే అన్నా, ఏ పార్టీ వైపో నిలబడ్డట్టే లెక్క.

నేనేం చేస్తానంటే, ఎక్స్‌లో ట్యాగ్ కొట్టి టాప్ వదిలేసి లేటెస్ట్ చూస్తాను. టాప్‌లో లైకులు పడ్డ జోకులే ఉంటాయి, ఈ పూట జనం దేని గురించి మాట్లాడుతున్నారో అందులో కనపడదు. తెలుగులో రాసి ఒకసారి, ఇంగ్లీషులో రాసి ఒకసారి వెతికి, ఓ యాభై పోస్టులు చదువుతాను. తర్వాత ఆ వీడియో మొదట ఎవరు పెట్టారో వీలైనంత వెనక్కి వెళ్తాను. పెట్టినాయన ప్రొఫైల్లో పార్టీ జెండా కనపడితే అక్కడితో వదిలేస్తాను. అంతా కలిపి అరగంట పని.

రీల్స్_రాజు
మేడమ్, అరగంటలో ఇంకో పది షాపులు పెట్టేస్తాయి. అమూల్ వాళ్ళు 1966 నుంచీ వార్తల మీద బొమ్మలు వేస్తూనే ఉన్నారు. వాళ్ళు చేస్తే క్రియేటివ్, ఖమ్మం షాపు చేస్తే తప్పా?

సుజాత_కె
అమూల్ బొమ్మ సొంతంగా గీయించుకుంటుంది, ఇంకొకరి జుట్లు పట్టుకున్న వీడియో తెచ్చుకోదు. వార్త మీద ఓ మాట అని ఊరుకుంటుంది, "అర కిలో వెన్న ఇంత" అని కింద ధర వెయ్యదు. అన్నేళ్ళుగా అదే పని చేస్తోంది కాబట్టి జనం కూడా దాని కోసమే చూస్తారు. మీ షాపు పేజీలో నిన్నటిదాకా చీరల ఫొటోలే కదా ఉన్నాయి.

చదవకుండా దూరితే ఏమవుతుందో చూడాలంటే 2014 సెప్టెంబరులో అమెరికాలో డిజోర్నో అనే పిజ్జా కంపెనీ సంగతి చూడండి. #WhyIStayed ట్యాగ్ కింద ఆడవాళ్ళు, కొట్టే మొగుణ్ణి వదిలి ఎందుకు రాలేకపోయామో చెప్పుకుంటున్నారు. వీళ్ళు వెళ్ళి "పిజ్జా ఉంది కాబట్టి" అనే అర్థంలో జోకు పెట్టారు. నిమిషాల్లో తీసేశారు. ట్యాగ్ దేని గురించో చదవకుండా పెట్టామని ఒప్పుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా సారీ రాసుకున్నారు.

రీల్స్_రాజు
అది అమెరికా. పైగా పిజ్జా. ఇక్కడ చీర.

సుజాత_కె
పిజ్జానా చీరా అన్నది పాయింటు కాదండీ.

రీల్స్_రాజు
మరి ఉదాహరణ ఎందుకిచ్చారు?

సెక్షన్_శీను
మీరిద్దరూ పక్కదారి పడుతున్నారు. ఇది చట్టం సంగతి. 2021లో టోక్యోలో సింధు కాంస్యం గెలవగానే చాలా బ్రాండ్లు ఆమె పేరు, ఫొటో వేసి అభినందనల పోస్టులు పెట్టుకున్నాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసులు పంపింది. అభినందన పక్కన లోగో పడితే అది ప్రకటనే. అంచేత సూత్రం సింపుల్: పేరు, మొహం లేకపోతే ఏ గొడవా లేదు. వీడియోలో మొహాలు బ్లర్ చెయ్ తమ్ముడూ, హాయిగా పెట్టుకో.

సుజాత_కె
శీను గారూ, సగం ఒప్పుకుంటాను. మొహం వాడాలంటే అనుమతి కావాలి, సింధు గారికైనా బస్సులో ఆవిడకైనా. కానీ బ్లర్ చేస్తే పోయేది నోటీసు భయం, వెక్కిరింత కాదు. డిజోర్నో పోస్టులో ఎవరి పేరుంది, ఎవరి మొహముంది?

సెక్షన్_శీను
వెక్కిరింతకు సెక్షన్ లేదు మేడమ్.

మలక్‌పేట_మామ
మంచిగ కుదిరింది కూడా ఒకటి చెప్పుర్రి. 2024ల రోడ్డు పక్కన భోజనం అమ్మే అక్క "మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్న మాట ఊరంతా తిరిగింది గదా. హైదరాబాద్ పోలీసోళ్ళు ఫిబ్రవరిల బండి మీద ఫోన్ మాట్లాడుతున్నోని ఫొటో పెట్టి "మీది మొత్తం 1000 అయింది, యూజర్ ఛార్జెస్ ఎక్స్‌ట్రా" అని రాసిన్రు. నేనైతే పడి పడి నవ్విన.

సుజాత_కె
అది కుదరడానికి కారణముంది మామా. ఆవిడ మాట బిల్లు చెప్పే మాట, చలానా కూడా బిల్లే. మాట మార్చకుండానే అతికింది. ఫొటో ఆవిడది కాదు, నవ్వు ఆవిడ మీద కాదు, ఫోన్ పట్టుకున్నవాడి మీద. ఇక్కడ బస్సు సీటుకీ చీరకీ ఏం సంబంధం? "అందరికీ సీటుంది" అని అతికించాల్సొచ్చింది. అంత అతుకు పడిందంటేనే నాకు అనుమానమొస్తుంది.

మలక్‌పేట_మామ
అంతకు ముందు నెలల ఆ అక్క బండి తీపిచ్చింది గూడ ట్రాఫిక్ పోలీసోళ్ళే. సీఎం చెప్తే మళ్ళ పెట్టుకుంది. గా సంగతి మర్చిపోకుర్రి.

సుజాత_కె
నిజమే. జనవరి ఆఖర్లో, బండి గొడవ నడుస్తున్నప్పుడు, అదే పోస్టు వాళ్ళు పెట్టి ఉంటే ఉతికి ఆరేసేవాళ్ళు. మూడు వారాల తేడాలో అదే మాటకు రంగు మారింది.

నిద్రలేని_డిజైనర్
రోజు కూడా చూసుకోవాలి. ఒక షాపుకు బస్సు జోకుతో రీల్ చేసి, పొద్దున పది గంటలకు షెడ్యూల్ పెట్టి పడుకున్నాను. లేచేసరికి 2025 నవంబరు 3. చేవెళ్ళ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ గుద్దిన రోజు. తొమ్మిదీ యాభైకి పళ్ళు తోముకుంటూ వార్త చూశాను. బ్రష్ నోట్లోనే ఉంది, ఫోన్‌లో ఆ షెడ్యూల్ ఎక్కడుందో కనపడదు, చేతులు వణుకుతున్నాయి. తీసేశాను గానీ, ఆ రోజు నుంచి షెడ్యూల్ పెడితే పొద్దున్నే లేచి వార్తలు చూశాకే కాఫీ.

రీల్స్_రాజు
ఇలా భయపడితే ఎవరూ ఏ పోస్టూ పెట్టలేరు. ఆ వీడియోలో వాళ్ళు బస్సులో అందరి ముందే కొట్టుకున్నారు కదా. పబ్లిక్‌లో చేసినదానికి బాధేంటి?

గుంటూరు_అమ్మాయి
బాధేంటో నేను చెప్తాను. రైతుబజార్లో టమాటాల దగ్గర మా అమ్మ గట్టిగా మాట్లాడితే ఎవరో తీశారు. పన్నెండు సెకన్లు. ఆ కుళ్ళిన కాయలు సంచీలో ఎవరు వేశారో వీడియోలో లేదు. ఒక షాపువాళ్ళు దానికి "మా దగ్గర బేరం అక్కర్లేదు" అని రాసి ఆఫర్ పెట్టారు. మా అమ్మ ఆ షాపులో పదిహేనేళ్ళుగా కొంటోంది. నేను మెసేజ్ పెడితే "సరదాకి మేడమ్, మీకూ పబ్లిసిటీ" అన్నారు. మా అమ్మ నాలుగు నెలలు రైతుబజారుకు వెళ్ళలేదు. కూరగాయలు నాన్న తెచ్చేవాడు, రోజూ ముదురు బెండకాయలే.

సెక్షన్_శీను
మీరు నోటీసు ఇవ్వాల్సింది.

గుంటూరు_అమ్మాయి
నోటీసు ఇస్తే అమ్మ పేరు కూడా బయటికొస్తుంది శీను గారూ.

రీల్స్_రాజు
సారీ అండీ, మీ అమ్మగారి సంగతి వేరు. కానీ సుజాత గారూ, మీతో ఒక మాట. మీరు ఏజెన్సీలో ఏసీ గదిలో కూర్చుని అరగంట, యాభై పోస్టులు అంటారు. నాకు నెలకు ముప్ఫై పోస్టులకు ఎనిమిది వేలిస్తారు, ఆరు షాపులు చూస్తాను. వద్దంటే ఓనర్ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. పోయినసారి ఒక మొబైల్ షాపాయనకు మీమ్ వద్దన్నాను. వాళ్ళ బామ్మర్ది చేత పెట్టించుకుని, నా ఆ నెల డబ్బులు ఆపేశాడు. తప్పయితే తిట్లు నాకు, వైరలైతే ఐడియా ఆయనది. మీరు చెప్పే అరగంటకు డబ్బులెవరిస్తారు?

సుజాత_కె
ఇది ముందే చెప్పుంటే ఇంత దూరం వాదించుకునేవాళ్ళం కాదు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చేసేదల్లా, ఏ ట్రెండ్ అయినా క్యాప్షన్ ఓనర్‌కి వాట్సాప్ చేసి, "ఈ వీడియో ఫ్రీ బస్సు ఆడవాళ్ళ మీద నవ్వుతోంది, పెట్టమంటారా?" అని ఒక్క వాక్యం రాసి, "పెట్టు" అని టైపు చేయించుకుంటాను. ఫోన్లో ఒప్పుకున్నవాళ్ళు సగం మంది టైపు చెయ్యమంటే ఆగిపోతారు.

రీల్స్_రాజు
మా వాళ్ళు థంబ్స్ అప్ పెడతారు.

సుజాత_కె
థంబ్స్ అప్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి మరి.

ఖమ్మం_పోరడు
అందరికీ థాంక్స్. సుజాత గారు చెప్పినట్టే ఓనర్ గారికి రాశాను. రెండు గంటలు బ్లూ టిక్. తర్వాత వాళ్ళావిడ ఫోన్ చేశారు. షాపులో గల్లా మీద కూర్చునేది ఆవిడే. "మనకొచ్చే గిరాకీ అంతా ఆ బస్సులదే కదా బాబూ, ఆయన మాట వినకు" అన్నారు. వీడియో తీసేసి, బస్‌స్టాండ్ నుంచి షాపుకు దారి, 599 చీరల ఫొటో, "బస్సు దిగి ఐదు నిమిషాలు" అని పెట్టాను. ట్యాగ్ లేదు. ఇప్పటికి నలభై లైకులే వచ్చాయి, ఓనర్ గారు నాతో మాట్లాడట్లేదు.

రీల్స్_రాజు
నలభై! చెప్పానా.

మలక్‌పేట_మామ
గా 599 చీరలు కాటనా, మిక్సా?