రాయి, బొగ్గు ఒకటే అయినప్పుడు పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలో బస్తా ఎందుకు చౌక?

కృష్ణ ఒడ్డు
మా నల్గొండ ప్రాంతంలో 1980లలో పెట్టిన మినీ సిమెంటు ప్లాంటు ఒకటి ఇప్పుడు తుప్పు పట్టి ఉంది. రోజుకు 200 టన్నులు తీసేదట. దానికి కొద్ది దూరంలోనే రోజుకు 3,000 టన్నులకు పైగా తీసే ఫ్యాక్టరీ నడుస్తోంది. రెండూ తవ్వింది ఒకే రకం సున్నపురాయిని. అలాంటప్పుడు టన్నుకయ్యే ఖర్చులో తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

టోకు బేరం
ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎక్కువ కొనేవాడికి సరుకు తక్కువకు దొరుకుతుంది, అంతే.

పాత బర్నర్
బొగ్గు విషయంలో టోకు బేరం గారి మాట నిజమే. ఓడ మొత్తం కొనగలిగినవారికి పడే ధర, పది లారీలు కొనేవారికి పడదు. సున్నపురాయికి మాత్రం ఆ లెక్క వర్తించదు. అది సొంత గనిలోంచి వస్తుంది, రాయల్టీ టన్నుకు ఇంత అని అందరికీ ఒకటే. రాయిని కాల్చితే వచ్చే గట్టి ముద్దను క్లింకరంటాం, దాన్ని పొడిచేస్తేనే సిమెంటు. టన్ను క్లింకరుకు సుమారు టన్నున్నర రాయి ఎవరికైనా కావలసిందే.

ఆ రాయిని కాల్చే కొలిమి, అంటే కిల్న్ దగ్గర నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అసలు తేడా ఇనుములోనూ వేడిలోనూ ఉంది. గొట్టంలాంటి రోటరీ కిల్న్ వ్యాసాన్నీ పొడవునూ రెట్టింపు చేస్తే లోపలి చోటు ఎనిమిది రెట్లవుతుంది, పైరేకు మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. కొనవలసిన రేకూ, లోపల పరచవలసిన ఇటుకా, వేడి బయటికి పోయే దారీ ఆ పైరేకును బట్టే ఉంటాయి. లోపల దాదాపు 1,450 డిగ్రీల వేడి నిలపాలి కనుక ఈ తేడా చిన్నది కాదు.

కొత్త ప్లాంటు అంచనాలు వేసేటప్పుడు మేము ఒక మోటు లెక్క వాడేవాళ్లం: సామర్థ్యం రెట్టింపైతే పెట్టుబడి రెట్టింపు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. 200 టన్నులను నాలుగుసార్లు రెట్టింపు చేస్తే 3,200. అంటే సరుకు పదహారు రెట్లు, పెట్టుబడి ఐదు రెట్ల పైచిలుకు. టన్ను మీద పడే పెట్టుబడి మూడో వంతుకు దిగుతుంది. ఇక కంట్రోల్ రూములో కిల్న్ చూసుకునే మనిషి, 200 టన్నులకైనా 3,200 టన్నులకైనా, షిఫ్టుకు ఒక్కడే.

అప్పడాల అక్క
ఎక్కువమందిని పెట్టుకుంటే చౌక అవుతుందనేనా మీరంతా అంటున్నది? నా అనుభవం వేరు. ముగ్గురితో మొదలుపెట్టి పన్నెండుమందికి వెళ్లాను, అప్పడానికి పడే కూలి పైసా తగ్గలేదు. పిండి కలిపే యంత్రం మాత్రం 10 కిలోలది తీసేసి 40 కిలోలది పెట్టాక మేలు కనిపించింది. రెండింటినీ కడగడానికి పట్టేది అదే అరగంట.

పాత బర్నర్
అక్కా, మీరు ప్రశ్నను వేరుగా తీసుకున్నా జవాబు మీ మాటలోనే ఉంది. చేతితో ఒత్తే పని మనుషులతోపాటే పెరుగుతుంది. పాత్ర, యంత్రం, కడగడం వంటివి సరుకంత వేగంగా పెరగవు.

కృష్ణ ఒడ్డు
అలాగైతే ఆ మినీ ప్లాంటు వారు తమ కిల్న్‌నే పెద్దది చేసుకొని ఉండవచ్చు కదా?

పాత బర్నర్
వారిది నిలువు షాఫ్ట్ కిల్న్. రాతిపొడిని, బొగ్గుపొడిని కలిపి ఉండలు చేసి పైనుంచి పోస్తారు, గాలి కిందినుంచి వస్తుంది. వెడల్పు పెంచితే గాలి గోడల వెంట పోతుందే కాని నడుమకు సరిగా చేరదు. కింద పడిన ఉండను పగలగొడితే నల్లగా గట్టిగా ఉండవలసింది పసుపుగా, పొడిపొడిగా కనిపిస్తుంది. అది కాలని సరుకు. కనుక దాన్ని పెంచడమంటే కిల్న్ రకాన్నే మార్చడం.

పెద్దదానికీ దాని కష్టాలున్నాయి. లోపలి ఇటుక ఒకచోట ఊడితే రాత్రిపూట పైరేకు ఎర్రగా మెరుస్తుంది. అప్పుడు ఆపక తప్పదు. చల్లార్చి, ఇటుక వేసి, మళ్లీ మెల్లగా వేడెక్కించేసరికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పోయేది 200 టన్నులు కాదు, రోజుకు 3,200.

లారీ లెక్క
మీరందరూ గేటు దగ్గరే ఆగిపోయారు. సిమెంటు బరువెక్కువ, ధర తక్కువ. గేటు దగ్గర మిగిలిన డబ్బు కొన్ని వందల కిలోమీటర్ల కిరాయితో కరిగిపోతుంది. ఫ్యాక్టరీ పెద్దదయ్యేకొద్దీ సరుకును అంత దూరం పంపక తప్పదు. క్లింకరును గని దగ్గర కాల్చి, దాన్ని పొడిచేసే మిల్లును సిమెంటులో కలిపే థర్మల్ స్టేషన్ బూడిద దొరికే చోటో పట్టణాల దగ్గరో పెట్టేది అందుకే. పైగా పెద్ద ఫ్యాక్టరీ సగం సామర్థ్యంతో నడిస్తే, టన్ను మీద పడే వడ్డీ, తరుగుదల రెట్టింపవుతాయి. దక్షిణాదిలో అవసరానికి మించి ఫ్యాక్టరీలున్నాయి, కనుక ఇది ఊహ కాదు.

టోకు బేరం
సరే, బేరం ఒక్కటే కారణం కాదని ఒప్పుకుంటాను. కానీ మినీ ప్లాంట్లు పడిపోవడానికి 1989లో సిమెంటు ధరల నియంత్రణ పూర్తిగా ఎత్తివేయడమే కారణమని నా నమ్మకం. సరుకు కరవున్నంతకాలం అవి బాగానే నడిచాయి కదా.

పాత బర్నర్
కరవులో ఖర్చు ఎక్కువైనా అమ్ముడుపోయేది, నిజమే. కానీ ఆ ఖర్చు మొదటినుంచీ ఎక్కువే. ఏది ఎంతవరకు కారణమో తేల్చాలంటే ఆనాటి ఖాతా పుస్తకాలు చూడాలి. కృష్ణ ఒడ్డు గారూ, ఆ ప్లాంటులో లెక్కలు రాసినవారు ఎవరైనా మీ ఊళ్లో ఉంటే టన్నుకు ఎంత బొగ్గు పట్టేదో ఒకసారి అడగండి.