అన్నకు 42 ఏళ్లకే స్టెంట్, మాత్రలు వాడినా ఎల్‌డీఎల్ 162. ఇంజక్షన్ వేయించాలా?

ఆదోని చెల్లెలు
అందరికీ నమస్కారం. మాది ఆదోని దగ్గర పల్లె. మా అన్నకు 42 ఏళ్లు. జనవరిలో పొలం దగ్గరే గుండె నొప్పి వచ్చింది, కర్నూలుకు తీసుకెళ్తే స్టెంట్ వేశారు. చేరిన రోజు రిపోర్టులో చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 286 ఉంది. అటార్వాస్టాటిన్ 80 రాసి పంపారు. ఆరు వారాల తర్వాత చూస్తే 162. ఇప్పుడు డాక్టర్ గారు "అవసరమైతే పీసీఎస్‌కే9 ఇంజక్షన్ ఆలోచిద్దాం" అన్నారు. ఒక్కో ఇంజక్షన్ వేలల్లో ఉంటుందట. పత్తి అమ్మిన డబ్బు ఆసుపత్రికే అయిపోయింది. ఇది నిజంగా అవసరమా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కడప రమణ
అక్కా, భయపడొద్దు. మా మామకు బెంగళూరులో వేశారు. ఆరు నెలలకు ఒకటే. అది వేయించుకుంటే మాత్రలు మానేయొచ్చు. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లు ఎవరైనా నేరుగా వేయించుకోవచ్చు.

అనంతపురం ఫిజీషియన్
రమణ గారూ, మీ మామగారికి వేసింది ఇన్‌క్లిసిరాన్ అయ్యుండాలి. దానికి మొదటి డోసు తర్వాత మూడు నెలలకు ఒకటి, ఆపైన ఆరు నెలలకు ఒకటి. అది కూడా పీసీఎస్‌కే9 మీదే పనిచేస్తుంది, కానీ యాంటీబాడీ కాదు. కాలేయంలో ఆ ప్రోటీన్ తయారవ్వకుండానే ఆపుతుంది. ఈ చెల్లెమ్మ అడిగేది ఎవోలోకుమాబ్, అలిరోకుమాబ్ రకం. అవి తయారై రక్తంలోకి వచ్చిన ప్రోటీన్‌ను పట్టుకుంటాయి, మామూలుగా రెండు వారాలకు ఒకసారి వేసుకోవాలి. ఏది వేసినా మాత్రలు మానకూడదు.

ఆదోని అన్నారు కాబట్టి మార్కెట్ యార్డుతో చెబుతాను. కాలేయ కణం మీద ఉండే ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఒక ట్రాక్టర్ అనుకోండి. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను ఎత్తుకుని లోపలికి వెళ్తుంది, సరుకు దించి మళ్లీ బయటికొస్తుంది. పీసీఎస్‌కే9 అతుక్కున్న ట్రాక్టర్ మాత్రం తిరిగి రాదు, సరుకుతో పాటు దాన్నీ తుక్కు చేసేస్తారు. స్టాటిన్ మాత్ర కొత్త ట్రాక్టర్లను తెప్పిస్తుంది. చిక్కేమిటంటే అదే మాత్ర వల్ల పీసీఎస్‌కే9 కూడా పెరుగుతుంది. 40 మాత్రను 80 చేసినా ఎల్‌డీఎల్ ఇంకో ఆరు శాతమే తగ్గడానికి అదొక కారణం. ఇంజక్షన్ ఆ పీసీఎస్‌కే9ను పట్టేసుకుంటుంది. అందుకే రెండూ కలిస్తేనే బలం.

అయితే అమ్మా, ఇంజక్షన్ మాట తర్వాత. ముందు మూడు సంగతులు చూసి చెప్పండి. అటార్వాస్టాటిన్ 80 వేస్తే 286 సుమారు సగానికి, అంటే 143 దగ్గరికి రావాలి. 162 ఉందంటే రోజూ వేసుకుంటున్నారో లేదో నాకు అనుమానం. మాత్రల షీట్లు మీరే లెక్కపెట్టండి, ఆయన్ని అడిగితే వేసుకున్నాననే అంటారు. రెండోది, థైరాయిడ్ చూశారా? టీఎస్‌హెచ్ బాగా పెరిగితే ఎల్‌డీఎల్ ఎక్కి కూర్చుంటుంది. మూడోది, పేగుల్లోంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి చేరకుండా తగ్గించే ఎజెటిమైబ్ మాత్ర ఇచ్చారా?

గుంతకల్లు టీచర్
సార్, నాకు షుగర్ ఉంది. ట్రైగ్లిజరైడ్స్ 480, ఎల్‌డీఎల్ 110 అని రాశారు. నేను కూడా ఈ ఇంజక్షన్‌కు అర్హుడినేనా? డబ్బు సమస్య లేదు.

అనంతపురం ఫిజీషియన్
టీచర్ గారూ, మీ సమస్య వేరే. ఈ ఇంజక్షన్ ట్రైగ్లిజరైడ్స్‌ను పెద్దగా తగ్గించదు. పైగా ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే లెక్కగట్టి రాసే ఎల్‌డీఎల్‌ను నమ్మకూడదు. డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించండి, షుగర్ అదుపులో పెట్టించుకోండి, ఆ తర్వాత మీ డాక్టర్‌తో మాట్లాడండి.

ఆదోని చెల్లెలు
సార్, మీరు చెప్పినట్టే షీట్లు తీసి చూశాను. అయిపోవాల్సిన షీట్లలో పదకొండు మాత్రలు మిగిలున్నాయి. సంతకు పోయిన రోజు, నీళ్లు కట్టడానికి రాత్రి పోయిన రోజు వేసుకోలేదంట. "ఒక పూట పోతే ఏమవుతుందిలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. థైరాయిడ్ చేయించాం, నార్మల్. ఎజెటిమైబ్ ఇవ్వలేదు.

ఇంకొకటి అడగాలి. అన్న మడమల వెనక, నరం మీద గట్టిగా చింతగింజంత గడ్డలు రెండు వైపులా ఉన్నాయి. చెప్పుల రాపిడికి వచ్చాయనుకున్నాం. దీనికీ దానికీ సంబంధం ఉందా?

అనంతపురం ఫిజీషియన్
ఉందమ్మా. ఈ ఒక్క మాటతో కథంతా మారిపోయింది. వెంటనే మీ డాక్టర్‌కు చూపించండి. అది ఆ నరంలో చేరిన కొలెస్ట్రాలే అయితే ఇది తిండి వల్ల వచ్చింది కాదు, వంశపారంపర్యంగా వచ్చే ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా. ఈ జబ్బు ఎంతవరకు ఖాయమో తేల్చడానికి మేం డచ్ స్కోర్ అని ఒకటి వేస్తాం. ఎల్‌డీఎల్ 250 నుంచి 329 మధ్య ఉంటే 5 పాయింట్లు. మగవాళ్లకు 55 లోపు గుండె జబ్బు వస్తే 2. మడమ నరం మీద ఆ గడ్డలుంటే 6. మొత్తం 13. ఎనిమిది దాటితే ఖాయమనే అంటాం. గడ్డలు వేరే ఏదో అని తేలినా 7 ఉంటుంది, అప్పుడు కూడా బలమైన అనుమానమే.

ఇప్పుడు చేయాల్సింది, మాత్ర ఒక్క రోజూ తప్పకుండా వేసుకోవడం, డాక్టర్‌ను అడిగి ఎజెటిమైబ్ 10 కలపడం, ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. 143 నుంచి ఇంకో ఇరవై శాతం పైగా తగ్గి 110, 115 దగ్గర ఆగుతుందని నా లెక్క. గుండెపోటు వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలని మన దేశ కార్డియాలజిస్టుల సంఘం 2024లో చెప్పింది. 110 నుంచి 55కు మాత్రలతో దిగదు. అప్పుడు ఇంజక్షన్‌కు మీ అన్న పూర్తిగా తగినవారు. అదే 162 చూసి ఇప్పుడే మొదలుపెడితే, మాత్రలు మానేసిన తప్పును ఖరీదైన మందుతో కప్పినట్టవుతుంది.

కడప రమణ
సార్, నేను తప్పు చెప్పాను, క్షమించండి అక్కా. ఒక డౌట్. మాత్రలకు ఒళ్లునొప్పులు వస్తే నేరుగా ఇంజక్షన్ ఇవ్వరా? మా మామకు అలాగే ఇచ్చారు.

అనంతపురం ఫిజీషియన్
ఇస్తారు, కానీ ఒక మాత్రకు నొప్పులు వచ్చాయని ఇవ్వరు. కనీసం రెండు రకాల స్టాటిన్లు చూడాలి, అందులో ఒకటి అతి తక్కువ డోసులో. రెండూ పడలేదంటే అప్పుడు నిజంగా పడనట్టు.

ప్రొద్దుటూరు అమ్మ
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మాది మేనరికం, మా ఆయన సొంత మేనమామ. మా బాబుకు పన్నెండేళ్లు. నాలుగేళ్లప్పుడే మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు పచ్చ గడ్డలు వచ్చాయి. ఎల్‌డీఎల్ 640. అప్పు చేసి ఎవోలోకుమాబ్ నెలకు 420 చొప్పున మూడు నెలలు వేయించాం. 640 ఉన్నది 625 అయింది, అంతే. జీన్ పరీక్షలో అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండూ పాడైనవే అన్నారు. మందు మంచిదే, కానీ మా బిడ్డకు అది కాపాడడానికి రిసెప్టర్లే లేవు. ఆదోని అక్కా, మీ ఇంట్లో కూడా మేనరికాలు ఉంటే పిల్లల్ని ఇప్పుడే చూపించండి. మేం ఆలస్యం చేశాం.

అనంతపురం ఫిజీషియన్
అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. రెండు జీన్లూ దెబ్బతిన్న పిల్లల్లో కూడా కొంచెం పనిచేసే రిసెప్టర్లు మిగిలుంటే ఈ మందుతో మూడో వంతు దాకా తగ్గినవాళ్లున్నారు. అది వేసి చూస్తే గానీ తెలియదు. అసలే లేని పిల్లలకు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను వడగట్టే ఎఫెరిసిస్ లాంటి దారులు చూడాలి. బాబుకు గుండె ఎకో, ముఖ్యంగా అయోర్టిక్ వాల్వ్, క్రమం తప్పకుండా చూపిస్తున్నారా?

ప్రొద్దుటూరు అమ్మ
చూపిస్తున్నాం సార్. వాల్వ్ కొంచెం బిగుసుకుంది అన్నారు. ఎఫెరిసిస్ కోసం ఎక్కడికి పోవాలో తిరుగుతున్నాం.

నంద్యాల మెడికల్ షాప్
వాడేవాళ్లకు ఒక మాట. ఎవోలోకుమాబ్ ఇంజక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. 25 డిగ్రీలు దాటకుండా ఉంటే బయట ఒక నెల దాకా పర్వాలేదని డబ్బా మీద ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్‌లో ఇంట్లో గది 25 ఎక్కడుంటుంది? మా దగ్గర కొన్న ఒకాయన ఐస్ ప్యాక్ మీద నేరుగా పెట్టి బస్సులో ఊరికి తీసుకెళ్లాడు. గడ్డకట్టింది. కరిగాక నీళ్లలాగే కనిపించింది, కానీ పనికిరాదు. ఐస్‌కూ మందుకూ మధ్య మడతపెట్టిన టవల్ పెట్టండి. ఫ్రిజ్‌లో కూడా ఫ్రీజర్ గోడకు ఆనించకండి.

ఆదోని చెల్లెలు
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. రోజూ రాత్రి అన్నం తిన్నాక నేనే ఫోన్ చేసి మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కున్నా. ఎజెటిమైబ్ కలిపారు. ఎల్‌డీఎల్ 112. సార్ లెక్క తప్పలేదు. మడమ గడ్డలు కొలెస్ట్రాలే అని డాక్టర్ చెప్పారు. ఎవోలోకుమాబ్ 140 రెండు వారాలకు ఒకటి రాశారు.

మొదటిది మా ఇంట్లోనే వేశాను. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బల్ల మీద పెట్టాను. తొందరపడి వేడి నీళ్లలో పెట్టొద్దని నర్సు చెప్పింది. తొడ మీద నిలువుగా ఆనించి గట్టిగా నొక్కి పట్టుకుని మీట వత్తితే టక్ మంది. నాకు చేతులు వణికాయి. కిటికీలాంటి చోట పసుపు రంగు నిండేదాకా, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా తీయలేదు. అన్న "చీమ కుట్టినట్టుంది" అన్నాడు.

కడప రమణ
అక్కా, రెండు మూడు డోసులకే తగ్గిపోతే తర్వాత ఆపేయొచ్చేమో. ఖర్చు కూడా తగ్గుతుంది.

అనంతపురం ఫిజీషియన్
ఆపితే కొన్ని వారాల్లోనే పాత స్థాయికి వెళ్లిపోతుంది. కొనసాగించగలరా లేదా అన్నది మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. చెల్లెమ్మా, పరీక్ష తర్వాతి డోసుకు ముందు రోజు చేయించండి. మందు బలం అప్పుడే అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, అప్పుడు వచ్చిన అంకెనే నమ్మొచ్చు.

ఆదోని చెల్లెలు
నాలుగు డోసులయ్యాయి. అయిదోదానికి ముందు రోజు చేయించాం. ఎల్‌డీఎల్ 58. ఇంకో మూడు తగ్గాలని మందు మార్చక్కర్లేదు, ఇలాగే కొనసాగిద్దాం అన్నారు. ఇంజక్షన్లకు మా అక్కా నేనూ నెలనెలా చెరిసగం వేసుకుంటున్నాం. ఎన్నాళ్లు వేసుకోగలమో చూడాలి.

ప్రొద్దుటూరు అక్క మాట విని నేనూ చేయించుకున్నా, 118. నాకు రాలేదన్నమాట. అన్న కూతురికి తొమ్మిదేళ్లు, దానికి 214. కొడుక్కు 96. పాపను చూస్తే ఎంత చలాకీగా ఉంటుందో, ఏ గడ్డా లేదు. డాక్టర్ చిన్న డోసు మాత్ర మొదలుపెడదాం అంటున్నారు. మా వదిన ఒప్పుకోవడం లేదు, ఆడపిల్లకు ఇప్పట్నుంచే మాత్రలేంటి అంటుంది. ఇంత చిన్నపిల్లలకు వాడినవాళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎలా ఒప్పించారో చెప్పండి.