క్యాలెండరులో శక, విక్రమ, కలి, బౌద్ధ సంవత్సరాల సంఖ్యలు కలవడం లేదు. ఏది వేయాలి?

గోడక్యాలెండర్ (ప్రశ్న):
మా సంఘం కోసం 2026 గోడక్యాలెండరు తయారు చేస్తున్నాను. ప్రతి నెల పేజీ కింద ఒక వరుసలో శాలివాహన శకం, విక్రమ శకం, కలియుగాబ్దం, బౌద్ధ సంవత్సరం వేయమన్నారు. బ్యాంకాకులో ఉన్న సభ్యుడు 2026 అంతా 2569 అంటున్నాడు. శ్రీలంక నుంచి వచ్చిన ఆహ్వానంలో మే తర్వాత 2570 అని ఉంది. విక్రమ శకానికీ ఇదే తంటా, సూరత్‌లో ఉన్నవాళ్లు చెప్పే అంకె వేరు. ఒక్కొక్కదానికి ఒక స్థిరమైన తేడా చెప్పగలరా?

లెక్కలమాస్టారు:
చాలా తేలికండీ. ఇంగ్లీషు సంవత్సరం నుంచి 78 తీసేస్తే శకం. 57 కలిపితే విక్రమ. 3101 కలిపితే కలి. 543 కలిపితే బౌద్ధం. అంటే 2026కి 1948, 2083, 5127, 2569. పన్నెండు పేజీలకూ ఇవే వేసేయండి.

పంచాంగప్రియ:
మాస్టారూ, అంకెలు సరైనవే, కానీ పన్నెండు పేజీలకూ కాదు. మొదటి మూడూ ఉగాది తర్వాతే పనికొస్తాయి. 2026లో ఉగాది మార్చి 19. జనవరి, ఫిబ్రవరి పేజీల్లో ఇంకా విశ్వావసు సంవత్సరమే నడుస్తుంటుంది కాబట్టి శకం 1947, విక్రమ 2082, కలి 5126. మార్చి పేజీలో రెండు వరుసలు వేయక తప్పదు. ముద్రించిన క్యాలెండర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, జనవరి ఒకటి నుంచే కొత్త శకం అంకె వేసేస్తారు.

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. శకానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం ప్రభవ నుంచి లెక్కిస్తే ఎన్నో పేరో చెబుతుంది. 1947కి 12 కలిపితే 1959, శేషం 39, అంటే విశ్వావసు. 1948కి శేషం 40, పరాభవ. పేజీ మీద వేసిన సంవత్సరం పేరుకీ శకానికీ ఈ లెక్క కుదరలేదంటే ఒకటి తప్పు పడినట్టే.

అమ్మమ్మపంచాంగం:
నాకు తెలిసి విక్రమ 2000లోనే వచ్చి వెళ్లిపోయింది కదా, మళ్లీ 2060 ఉగాదికి గానీ రాదు. దానికి అంకె ఏమిటి?

పంచాంగప్రియ:
మీరనేది అరవై పేర్లలో పద్నాలుగోదైన విక్రమ నామ సంవత్సరం. ఇక్కడ అడిగేది క్రీస్తుకు ముందు నుంచి నడుస్తున్న విక్రమ శకం గురించి. రెండింటికీ సంబంధం లేదు.

సూరత్ విషయానికొస్తే, ఉత్తరాదివాళ్లు విక్రమ సంవత్సరాన్ని చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి మారుస్తారు. గుజరాత్‌లో కార్తీక శుద్ధ పాడ్యమి నుంచి, అంటే దీపావళి వెళ్లాక. అందుకే మార్చి 19 నుంచి నవంబర్ 9 దాకా ఉత్తరాదిలో 2083, గుజరాత్‌లో 2082. నవంబర్ 10 నుంచి మళ్లీ ఇద్దరూ 2083లో కలుస్తారు. మీ క్యాలెండరు తెలుగువాళ్లకైతే చైత్రాన్నే పట్టుకోండి. సూరత్ సభ్యుల కోసం ఒక చిన్న గమనిక చాలు.

గోడక్యాలెండర్:
ఇది అర్థమైంది. మరి బౌద్ధం? వాళ్లకూ ఉగాదే అనుకున్నాను.

శాసనాలపిచ్చి:
కాదు. ప్రతి శకాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఏ రోజు మారుతుంది? ఆ అంకె గడిచిన సంవత్సరాలదా, నడుస్తున్నదా?

మన శాలివాహన శకం అంకె గడిచినవాటిది. 1948 అంటే అన్ని సంవత్సరాలు పూర్తయ్యాయి, నడిచేది 1949వది. థాయ్‌లాండ్ బౌద్ధ సంవత్సరం కూడా గడిచిన లెక్కే. శ్రీలంకలో మాత్రం పరినిర్వాణం జరిగిన ఏడాదినే ఒకటిగా మొదలుపెట్టి, నడుస్తున్న సంవత్సరాన్ని చెబుతారు. అందుకే శ్రీలంకలో 2500వ సంవత్సరం 1956 వైశాఖ పౌర్ణమికి వచ్చింది. మన దేశంలో బుద్ధ జయంతి ఉత్సవాలు చేసిందీ ఆ ఏడాదే. థాయ్‌లాండ్‌లో 2500 అంటే 1957.

మారే రోజు కూడా వేరు. శ్రీలంక అంకె వైశాఖ పౌర్ణమికి మారుతుంది. థాయ్‌లాండ్‌లో 1941 నుంచి జనవరి 1కే మారుతుంది. ఇప్పుడు మీ పేజీలు చూడండి. ఫిబ్రవరి 2026లో శ్రీలంకవాళ్లు 2025 మేలో మొదలైన 2569లో ఉంటారు, థాయ్‌లాండ్ జనవరి నుంచి 2569లో ఉంటుంది, ఇద్దరిదీ ఒకే అంకె. వైశాఖ పౌర్ణమి దాటగానే శ్రీలంక 2570కి వెళ్తుంది, థాయ్‌లాండ్ డిసెంబర్ ఆఖరు దాకా 2569లోనే ఉంటుంది. మీకొచ్చిన రెండు అంకెలూ సరైనవే. ఫిబ్రవరి పేజీ ఒక్కటే చూసి రెండూ ఒకటేనని తీర్మానిస్తే జూన్‌లో దెబ్బతింటారు.

మన దేశంలో బుద్ధ జయంతి సంఖ్య శ్రీలంక లెక్కతో పోతుంది కాబట్టి మీరు దాన్నే వేయండి. 2026లో మన బుద్ధ పూర్ణిమ మే 1, ఆ రోజు నుంచి 2570. పక్క దేశం పౌర్ణమి తేదీ చూసుకోకుండా మన పేజీకి దించకండి. థాయ్‌లాండ్‌లో అధికమాసాన్ని ఎప్పుడూ ఎనిమిదో నెల దగ్గరే కలుపుతారు, మనకు సంక్రాంతి లేని నెల ఏది వస్తే అదే అధికం. 2023లో మనకు మే 5న వచ్చిన పండుగ వాళ్లకు జూన్ 3న వచ్చింది.

రంగూన్‌మనవడు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా తాతగారు రంగూన్‌లో పనిచేసినప్పటి బర్మా భాష కాగితం ఒకటుంది. దాని మీద సంవత్సరం 1301. శకం అనుకుని 78 కలిపితే 1379 వస్తోంది, బౌద్ధమైతే అసలే కుదరదు. కాగితం నకిలీదా?

శాసనాలపిచ్చి:
నకిలీ అని అప్పుడే తేల్చకండి. బర్మాలో మామూలు కాగితాలకు వాడేది వాళ్ల సొంత శకం, దానికి 638 కలపాలి. 1301 అంటే 1939 ఏప్రిల్ నుంచి 1940 ఏప్రిల్ దాకా. మీ తాతగారు అక్కడున్న కాలానికి సరిపోతోందా చూడండి. నెల జనవరి, ఫిబ్రవరులకు దగ్గరదైతే 1940 అని రాసుకోండి.

లెక్కలమాస్టారు:
సరే, జనవరి సంగతి ఒప్పుకున్నాను. కానీ కలికి 5127 అన్నాను కదా, మా ఇంట్లో పంచాంగంలో రాబోయే పరాభవకు 5128 అనుంది. అది ముద్రణ తప్పేనా?

పంచాంగప్రియ:
తప్పు అనలేం. గడిచినవి 5127, నడిచేది 5128. శకానికి 3179 కలిపితే గడిచిన కలి వస్తుంది. 1948కి కలిపి చూడండి, 5127. నా అభ్యంతరం ఒక్కటే, ఒకే వరుసలో శకాన్ని గడిచిన లెక్కలో, కలిని నడిచే లెక్కలో వేస్తే చదివేవాడికి తేడా 3180 అనిపిస్తుంది. అందుకే 5127 వేసి పక్కన ‘గత’ అని రాయమంటాను.

శాసనాలపిచ్చి:
నేనైతే సంఘం సభ్యులు ఇంట్లో వాడే పంచాంగం ప్రకారమే వేయమంటాను, 5128 అయినా సరే, పక్కన ‘వర్తమాన’ అని రాసి. పూజ దగ్గర పేజీ తిప్పి చూసేవాళ్లు రెండు అంకెలు కనిపిస్తే మీకే ఫోన్ చేస్తారు.

ఇంకొకటి. ప్రభుత్వ గెజిట్లలో కనిపించే శక తేదీని ఇందులో కలపకండి. 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉన్న ఆ జాతీయ పంచాంగం సౌరమానం, దానికి ఉగాదితో పనిలేదు. 2026లో దాని కొత్త సంవత్సరం మార్చి 22న. కాబట్టి మార్చి 19, 20, 21 తేదీల్లో మీ క్యాలెండరు 1948 అంటుంది, గెజిటు 1947 అంటుంది.

గోడక్యాలెండర్:
మార్చి పేజీలో రెండు వరుసలు, మిగతావాటిలో ఒక్కో వరుస పెడుతున్నాను, మే పేజీ నుంచి బౌద్ధం 2570. గుజరాత్ గమనిక నవంబర్ పేజీలో. కలి దగ్గర 5127 గత వేయాలా, 5128 వర్తమాన వేయాలా అన్నది కార్యవర్గం ముందు పెడతాను.