లద్దె పురుగును 'పిల్ల పురుగు' అని ఎందుకనం?

హన్మకొండ నుంచి, ప్రూఫ్‌రీడర్: పత్తి పురుగుల మీద ఒక కరపత్రం దిద్దుతున్నాను. పచ్చదోమ దగ్గర 'పిల్ల పురుగులు, తల్లి పురుగులు ఆకు రసం పీలుస్తాయి' అని ఉంది. పొగాకు లద్దె పురుగు దగ్గర మాత్రం 'లద్దె పురుగు ఆకు తింటుంది, రెక్కల పురుగు గుడ్లు పెడుతుంది' అని రాశారు. రెండుచోట్లా ఒకే మాట ఉండాలని 'పిల్ల పురుగు' అని మార్చాను. రాసిన రైతు ఫోన్ చేసి, అట్ల ఎవరూ అనరన్నాడు. ఎందుకనరు?

నర్సంపేట నుంచి: తల్లి పురుగంటే ఆడది కదా. మరి మగ పచ్చదోమ రసం పీల్చదా? ముందు అది దిద్దండి.

ప్రూఫ్‌రీడర్: లేదన్నా, చేలల్లో తల్లి పురుగంటే రెక్కలొచ్చి ఎదిగినది. ఆడ మగ రెండూ అందులోనే. నా ప్రశ్న పిల్ల గురించి.

పరకాల నుంచి, డిగ్రీ విద్యార్థి: లద్దె పురుగుది సంపూర్ణ రూపవిక్రియ, పచ్చదోమది అసంపూర్ణం. లద్దె పురుగులో ఎక్డైసోన్ హార్మోన్ ఉంటుంది, అది దాన్ని మేత తినని ప్యూపా దశగా, తర్వాత రెక్కల పురుగుగా మారుస్తుంది. పచ్చదోమలో ఆ హార్మోన్ లేదు కాబట్టి ప్యూపా లేదు.

వరంగల్ నుంచి, కీటకశాస్త్రం చెప్పి రిటైరయిన మేడం: బాబూ, మొదటి వాక్యం సరే. రెండోది తప్పు. పత్తి ఆకు తిరగేసి చూడు. పచ్చదోమ పిల్ల అడ్డంగా, ఎండ్రకాయలా నడుస్తుంది. దాని పక్కనే ఈనెకు అంటుకొని తెల్లటి పొట్టు కనబడుతుంది. అది విడిచిన కుబుసం. కుబుసం విడవాలంటే ఎక్డైసోన్ ఉండాల్సిందే. రెండు రకాల పురుగుల్లోనూ ఉంటుంది.

తేడా చేసేది రెండో హార్మోన్, జువెనైల్ హార్మోన్. ఎక్డైసోన్ 'తోలు మార్చు' అంటుంది. అప్పుడు జువెనైల్ హార్మోన్ ఒంట్లో ఉంటే పాత రూపమే ఇంకాస్త పెద్దదై వస్తుంది. లేకపోతే రూపం మారుతుంది. పచ్చదోమ పిల్ల అయిదో దశలో అది తగ్గిపోయి, తర్వాతి కుబుసంతో నేరుగా రెక్కల పురుగవుతుంది. లద్దె పురుగులో అది తగ్గితే ముందు ప్యూపా, ఆ తర్వాత అది లేకుండానే ఇంకో కుబుసం, అప్పుడు రెక్కలు. 1930లలో విగిల్స్‌వర్త్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్యూపా లేని, రక్తం పీల్చే ఒక నల్లి జాతి పురుగు మీదే చూపించాడు. చివరి దశ పిల్లకు చిన్న పిల్ల రక్తం అందేలా కలిపితే, అది పెద్దదవలేదు, ఆరో దశలో కూడా పిల్లగానే మిగిలింది.

ఇక మీ మాట. పచ్చదోమ పిల్ల తల్లి పోలికే, అదే ఆకు, అదే రసం, రెక్కలే మొగ్గల్లా ఉంటాయి. లద్దె పురుగు ఆకు నమిలితే దాని తల్లి పూల తేనె తాగుతుంది. ఎక్కడా పోలిక లేనిదాన్ని రైతు పిల్ల అనలేదు. ఆయన మాటే నిలబెట్టండి.

ప్రూఫ్‌రీడర్: వెనక్కి మార్చేశాను మేడం. జువెనైల్ హార్మోన్‌కి 'బాల్య హార్మోన్' అనొచ్చా?

మేడం: అది బాల్యాన్ని తెచ్చేది కాదు, పోనివ్వకుండా పట్టి ఉంచేది. 'పసితనం నిలిపే హార్మోన్' అంటే పొడుగైనా అర్థం నిలుస్తుంది.

జనగామ నుంచి, పట్టు రైతు: మేడం, మాటల సంగతి నాకు తెల్వదు గానీ నా గోస వినండి. నాలుగో జ్వరం, అంటే నాలుగో కుబుసం విడిచి లేచినంక, ఏడో రోజుకల్లా పట్టు పురుగు పండుతుంది, మేత మానుతుంది, ఒళ్లు అద్దంలా అవుతుంది. పోయిన బ్యాచ్‌లో పదకొండో రోజుకు కూడా తింటనే ఉన్నయి. మస్తు లావైనయి. గూళ్లు అల్లే చంద్రికల మీదికి ఎక్కిస్తే కొన్ని పల్చటి గూళ్లు అల్లినయి, మిగతావి అట్లనే చచ్చినయి. పాలరోగం అన్నరు అందరు.

మేడం: చర్మం పగిలి పాలలాంటి నీరు కారిందా? కణుపులు ఉబ్బాయా?

పట్టు రైతు: లేదు మేడం. పక్క చేను పత్తిలో తెల్లదోమకు మందు కొట్టిండ్రు. డబ్బా మీద పైరిప్రాక్సిఫెన్ అని ఉంది.

మేడం: అదే అనుమానం అన్నా. ఆ మందు జువెనైల్ హార్మోన్‌లా పనిచేస్తుంది. మీ పురుగు నాలుగో జ్వరం లేచాక మొదటి రోజుల్లో ఆ హార్మోన్ ఒంట్లోంచి పోవాలి. అది పోతేనే గూడు అల్లే ముందు రావాల్సిన ఎక్డైసోన్ వస్తుంది. ఆకు మీద పడ్డ మందు దాన్ని పోనివ్వదు, అందుకే తింటూనే ఉంది. పాలరోగానికి ఇట్ల మేత సాగదు. అయితే ఆ మందేనని తేలాలంటే, ఈసారి సగం పురుగులకు దూరపు తోట ఆకు, సగానికి గట్టు పక్క ఆకు వేసి చూడండి. ఆ పరీక్షకు తప్ప, మల్బరీ ఆ గట్టు వైపు కొన్ని వరుసలు మేతకు కోయకండి.

విద్యార్థి: మేడం, తామర పురుగు? మిరపలో దాన్ని కూడా పిల్ల, తల్లి అనే అంటారు. కానీ అది మట్టిలో దిగి, తినకుండా రెండు దశలు ఉంటుందని చదివాను.

మేడం: మంచి ప్రశ్న. పిల్ల, తల్లి రెండూ అదే ఆకు గీరి రసం పీలుస్తాయి, కాబట్టి చేనులో పిల్ల అన్న మాట సరిపోతుంది. పుస్తకాల్లో అసంపూర్ణం అనే రాస్తారు. కానీ ఆ రెండు విశ్రాంతి దశలు చూస్తే నాకెప్పుడూ ఆ గీత మధ్యలో నిలబడ్డట్టే అనిపిస్తుంది. వాటికి చేలల్లో ఏదైనా పేరుందా? ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిరప రైతుల్ని ఎవరైనా అడగండి.

నర్సంపేట నుంచి: మా బాపును అడిగిన. 'మట్టిలది ఎవరు చూసిండ్రు బిడ్డా' అన్నడు.