పూతరేకుల రీలుకి సినిమా పాట పెట్టొచ్చా?

ఆత్రేయపురం కొట్టు: మా అమ్మ కుండ మీద రేకు తీస్తుంటే వీడియో తీసి, ఇన్‌స్టాలో దొరికిన సినిమా పాటే కలిపి పెట్టాను. బాగా ఆడింది. సంక్రాంతి ఆర్డర్ల కోసం అకౌంట్ బిజినెస్‌కి మార్చి బూస్ట్ చేయబోతే, పాట వల్ల కుదరదంటోంది. వాళ్లిచ్చిన పాటే కదా?

భీమవరం బాబాయి: పదిహేను సెకన్ల లోపు అయితే ఏమీ కాదయ్యా. కింద పాట ఎవరిదో పేరు రాసెయ్.

రావులపాలెం ఎడిటర్: బాబాయ్ గారూ, ఆ పదిహేను సెకన్ల లెక్క చట్టంలో ఎక్కడా లేదండి. పేరు రాయడం మర్యాదే గాని అనుమతి కాదు. కొట్టు గారూ, ఆ పాటలు ఇచ్చింది సొంత సరదా రీళ్లకి. కిలో ఇంత అని చెప్పి ఫోన్ నంబరు పెట్టారంటే అది ప్రకటనే. మళ్లీ పర్సనల్‌కి మార్చినా ప్రకటన ప్రకటనే. నా దగ్గర వీడియోలు చేయించుకునే చీరల కొట్టాయనకి, రీలు పెట్టిన ఏడాదికి పాట హక్కుదారుల నుంచి డబ్బు కట్టమని మెయిల్ వచ్చింది. రీలు తీసేశాడు, అయినా అన్నాళ్లు వాడుకున్నదానికి అడుగుతూనే ఉన్నారు.

భీమవరం బాబాయి: మా వీధిలో అందరూ పెడుతున్నారు మరి. ఒక్కడికీ రాలేదు.

నర్సాపురం లేసు: మా లేసు ఫోటోలు వేరే కొట్టువాళ్లు వాడేస్తున్నారండి, దీనికేం చెయ్యాలి?

రావులపాలెం ఎడిటర్: ఫోటోలు ఎవరు తీశారమ్మా? డబ్బిచ్చి తీయించుకుని ఉంటే, వేరే రాతకోతలు లేకపోతే హక్కు మీదే. తెలిసినవాళ్లు ఊరికే తీసిపెట్టి ఉంటే వాళ్లది, ఫిర్యాదు వాళ్లే పెట్టాలి.

ఆత్రేయపురం కొట్టు: పోనీ, మా అత్త అన్నమయ్య కీర్తన పాడితే?

రావులపాలెం ఎడిటర్: రాసినవారు పోయాక 60 ఏళ్లకి మాటల మీద హక్కు తీరిపోతుంది. అన్నమయ్య పోయి 500 ఏళ్లు దాటింది కాబట్టి మాటలకి భయం లేదు. అత్తగారి గొంతు మీ ఫోన్లో ఎక్కిస్తే ఆ రికార్డింగూ మీ ఇంటిదే, వాడుకోనివ్వమని ఆవిడ చేత ఒక ముక్క రాయించుకోండి. చిక్కు వరస దగ్గరుంది. రాగిరేకుల మీద రాగం పేరుందిగాని స్వరం లేదు. ఇప్పుడు పాడే వరసలు చాలావరకు ఈ మధ్య కాలంలో కట్టినవే. ఆవిడ పాడేది ఎవరు కట్టిన వరసో కనుక్కోవాలి.

ఆత్రేయపురం కొట్టు: క్యాసెట్లో విని నేర్చుకుందట, ఎవరిదో గుర్తులేదు.

రావులపాలెం ఎడిటర్: అయితే ఆ జోలికి వెళ్లకండి. మెటా వాళ్ల సౌండ్ కలెక్షన్‌లోది తీసుకోండి, వ్యాపారానికి ఇచ్చిందే. కానీ అది ఫేస్‌బుక్, ఇన్‌స్టాలకే, అదే వీడియో యూట్యూబ్‌లో ఎక్కించకండి. వీడియో మీద తెలుగు అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర వ్యాపారానికీ ఉచితమే.

ఆత్రేయపురం కొట్టు: పాట తీసేసి వింటే, తడిగుడ్డ వేడి కుండ మీద పడ్డప్పుడు సుయ్‌మన్న చప్పుడు, రేకు లేచేటప్పుడు చిన్న గరగర వినిపిస్తున్నాయి. అదే ఉంచి మళ్లీ ఎక్కించాను. వెనకాల పక్కింటి టీవీలో పాట సన్నగా పడింది, దానికీ ఇబ్బందేనా?