9.1 శాతం యీల్డ్ చూసి షేరు కొనేయొచ్చా?

మారతహళ్లి పీజీ: మామయ్య పేపర్‌లో షేర్ల పట్టిక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఒక లైన్‌లో ఓపెన్ 226, క్లోజ్ 220, వాల్యూమ్ 1.84, యీల్డ్ 9.1 అని ఉంది. ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఎక్కువే కదా, కొనేయొచ్చా?

వైట్‌ఫీల్డ్ బాబాయ్: కొనేయ్ తమ్ముడూ. ఓపెన్ అంటే పొద్దున మొదటి ధర, క్లోజ్ అంటే మూడున్నరకి జరిగిన ఆఖరి బేరం. 226 నుంచి 220కి వచ్చింది కాబట్టి ఆ రోజు ఆరు రూపాయలు పడింది, అంటే చౌకగా దొరుకుతోంది.

లెక్కల మాస్టారు: బాబాయ్, రెండు చోట్ల తప్పారు. ఎన్‌ఎస్‌ఈలో ఏళ్ల తరబడి క్లోజ్ అంటే ఆఖరి అరగంటలో జరిగిన బేరాల సగటు, ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకి ఎక్కువ బరువు. అందుకే యాప్‌లో చివరగా కనిపించిన ధరకీ దీనికీ కొన్ని పైసలో రూపాయో తేడా వస్తుంది. ఇక షేరు పెరిగిందా పడిందా అనేది ముందు రోజు క్లోజ్‌తో చూడాలి. నిన్న 215 దగ్గర ముగిసి ఉంటే ఇవాళ అయిదు పెరిగినట్టే.

అసలు సంగతి యీల్డ్. 220లో 9.1 శాతం అంటే షేరుకి 20 రూపాయల డివిడెండ్. అది గడిచిన ఏడాది ఇచ్చింది, వచ్చే ఏడాదికి మాట ఇచ్చింది కాదు. కంపెనీ సైట్‌లో చూడు. అందులో 14 రూపాయలు ఏదో స్థలం అమ్మిన డబ్బుతో ఒక్కసారికి ఇచ్చిందైతే, ఏటా వచ్చేది ఆరే, అంటే 2.7 శాతం. ఇంకోటి, అదే 20 రూపాయలు 400 ధర మీద చూస్తే 5 శాతమే. షేరు పడిపోతే చాలు, ఈ గడిలో అంకె అందంగా పెరుగుతుంది.

జయనగర్ అక్క: నేను ఇలాగే డివిడెండ్ కోసం కొన్నాను, ఒక్క రోజు ఆలస్యంగా. ఎక్స్ డేట్ నాడు కొంటే డివిడెండ్ రాదని అప్పటికి తెలియదు, పైగా బ్రోకర్‌తో గొడవ పడ్డాను.

లెక్కల మాస్టారు: అక్కా, ముందు రోజు కొన్నా పెద్ద లాభం లేదు. మామూలుగా ఎక్స్ డేట్ నాడు ధర ఇంచుమించు డివిడెండ్ అంత మేరా తగ్గే మొదలవుతుంది.

వైట్‌ఫీల్డ్ బాబాయ్: సరే, కానీ పదేళ్లుగా మానకుండా డివిడెండ్ ఇచ్చేవి లేవా? నేను వాటి మీదే ఇంటి అద్దె కడుతున్నా.

లెక్కల మాస్టారు: ఉన్నాయి, కానీ ఆ పదేళ్లు ఈ ఫోటోలో లేవు కదా. వాల్యూమ్ అంటే ఆ రోజు చేతులు మారిన షేర్ల సంఖ్య, ముందు దాని పైన ఏం రాసుందో చెప్పు తమ్ముడూ. లక్షల్లో అయితే ఆ రోజు మొత్తం బేరం నాలుగు కోట్లు, కోట్లలో అయితే నాలుగొందల కోట్లు. అవసరానికి అమ్ముకోవడం ఎంత తేలికో అక్కడ తెలుస్తుంది.

మారతహళ్లి పీజీ: దాని మీద మామయ్య బొటనవేలు ఉంది సర్. మళ్లీ తీయమంటే ఆ పేపర్ పాతసామాన్ల వాడికి వేసేశారట.